షాపులో హాయిగా ఉన్న షూ సాయంత్రానికి ఎందుకు కరుస్తుంది?

కొత్త షూ వేసుకుని షాపులో నాలుగడుగులు వేస్తే బాగానే ఉంటుంది. మడమ కింద మెత్తగా తగులుతుంది, చీలమండ చుట్టూ దూదిలా ఒదుగుతుంది. అదే షూ వేసుకుని మరుసటి రోజు మూడు నాలుగు గంటలు తిరిగేసరికి చిటికెనవేలు మండుతుంది, బొటనవేలి పక్క ఎముక నొప్పెడుతుంది, ఎప్పుడు విప్పేద్దామా అనిపిస్తుంది. షూ ఒక్క రోజులో చెడిపోలేదు. షాపులో మనం చేసిన పరీక్షే వేరే విషయాన్ని కొలిచింది.

షాపులో కొనేవాళ్లు దాదాపు అందరూ గమనించేది పాదం కింద ఏముందో. అడుగున మెత్తగా ఉందా, ఎగిరితే స్ప్రింగులా లేస్తోందా అని చూస్తారు. గంటలు గడిచాక కరిచేది మాత్రం ఎక్కువగా పైభాగం, పక్కలు. దీనికి కారణం తేలికైనదే. నడుస్తున్నప్పుడు అరికాలి మీద ఒత్తిడి పడుతుంది, పోతుంది. కాలు ఎత్తిన ప్రతిసారీ అక్కడి చర్మానికి, కండకు ఊపిరి తీసుకునే సమయం దొరుకుతుంది, నొక్కుకుపోయిన చోటికి రక్తం మళ్లీ చేరుతుంది. పాదాన్ని పైనుంచి, పక్కల నుంచి పట్టుకున్న తోలు లేదా గుడ్డ మాత్రం కాలు నేల మీద ఉన్నా గాలిలో ఉన్నా పట్టు వదలదు. లేసు కట్టిన క్షణం నుంచి విప్పేదాకా నొక్కుతూనే ఉంటుంది. కాస్తంత ఒత్తిడే అయినా, కింద ఎముక ఉండి పైన పల్చటి చర్మం మాత్రమే ఉన్న చోట గంటల తరబడి కొనసాగితే నొప్పిగా మారుతుంది. బొటనవేలి మూల కీలు పక్క, చిటికెనవేలి బయటి వైపు, పాదం పైభాగంలో ఎత్తుగా ఉన్న చోటు, మడమ వెనుక, ఈ నాలుగూ అలాంటి చోట్లే.

ఇంకో చిక్కుంది. చర్మం స్పర్శకు చాలా త్వరగా అలవాటు పడుతుంది. ఉదయం పెట్టుకున్న చేతి గడియారం కాసేపటికి మన ధ్యాసలోనే ఉండదు కదా, షూ పట్టు కూడా అంతే. వేసుకున్న కొత్తలో చిటికెనవేలి దగ్గర కొంచెం బిగుతుగా అనిపిస్తుంది, నిమిషం గడిచేసరికి ఆ సంగతే తెలియదు. ‘సర్దుకుంది’ అనుకుంటాం. నిజానికి సర్దుకున్నది స్పర్శ మాత్రమే, ఒత్తిడి అలాగే ఉంది. నొప్పి తెలిపే నరాలు పనిలోకి దిగడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. అంటే షాపులో గడిపే ఆ కొద్ది నిమిషాలూ సరిగ్గా స్పర్శ చల్లారి, నొప్పి ఇంకా మొదలుకాని మధ్య కాలంలో పడతాయి. మోసపోవడానికి అంతకంటే మంచి సమయం ఉండదు!

ఇక మెత్తదనం సంగతి. చాలా షూలలో పాదం ఆనే పై పొరగా నెమ్మదిగా కోలుకునే ఫోమ్ వాడతారు. మెమరీ ఫోమ్ అని అమ్మేది ఇదే. ఇది ఒంటి వేడికి ఇంకాస్త మెత్తబడి పాదం ఆకారంలో కుంగుతుంది, అందుకే మొదటి అడుగు అంత హాయిగా ఉంటుంది. కానీ అడుగు మీద అడుగు పడుతుంటే పూర్తిగా కోలుకునే వ్యవధి దానికి చిక్కదు. పలచని పొర అయితే కొంతసేపటికే అణిగిపోయి, కింద ఉన్న గట్టి భాగం తగలడం మొదలవుతుంది. దాని కింద ఉండే మందపాటి అడుగు భాగాన్ని సాధారణంగా ఈవీఏ అనే ఫోమ్‌తో చేస్తారు. అది కూడా ఎంతో కొంత నొక్కుకుపోతుంది గానీ ఇంత త్వరగా కాదు, రాత్రి పక్కన పెడితే చాలావరకు కోలుకుంటుంది. మామూలు నడకతో నిమిషానికి వంద అడుగుల చొప్పున గంటకు ఆరు వేల అడుగులు, అంటే ఒక్కో పాదానికి మూడు వేలు. షాపులో వేసిన పది ఇరవై అడుగులు ఫోమ్ పై తోలును మాత్రమే పరిచయం చేస్తాయి. పైగా షాపు నేల మీద తివాచీ పరిచి ఉంటే ఆ మెత్తదనంలో ఎంత షూది, ఎంత తివాచీది అన్నది తేల్చడం కష్టం.

ఫోమ్ వల్ల వచ్చే అసలు నష్టం అడుగున కాదు, పట్టులో కనిపిస్తుంది. మడమ చుట్టూ, నాలుక భాగంలో దట్టంగా కుక్కిన మెత్త మొదట పాదాన్ని గట్టిగా పట్టుకుంటుంది. వాడుతూంటే అణుగుతుంది. దాంతో మడమ దగ్గర షూ వదులవుతుంది. సరిగ్గా ఆ సమయానికే వేళ్ల దగ్గర పాదం ఉబ్బి షూ బిగుతవుతుంది. వెనుక జారుతూ ముందు నొక్కే షూ ఇలాగే తయారవుతుంది. ‘సైజు పెద్దదా చిన్నదా అర్థం కావడం లేదు’ అని చాలామంది అనేది దీని గురించే.

పాదం రోజంతా ఒకే కొలతలో ఉండదు. కూర్చున్నప్పటి కంటే నిలబడినప్పుడు పాదం వంపు కొద్దిగా దిగి, పొడవు కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతుంది, వేళ్ల మూలాల దగ్గర వెడల్పూ పెరుగుతుంది. వంపు మెత్తగా వంగే పాదాల్లో ఈ తేడా ఎక్కువ, బిరుసుగా ఉండే పాదాల్లో తక్కువ. దీనికి తోడు గంటల తరబడి నిలబడినా, కదలకుండా కూర్చున్నా, వేడిగా ఉన్నా కాళ్లలో నీరు కిందికి చేరి పాదం కాస్త లావెక్కుతుంది. ఈ వాపు పొడవులో పెద్దగా కనిపించదు. చుట్టుకొలతలో కనిపిస్తుంది. అందుకే వేళ్ల ముందు ఖాళీ ఉన్న షూ కూడా సాయంత్రం కరవగలదు. చోటు చాలనిది ముందు కాదు, పక్కలా పైనా. పొద్దున్నే సేదతీరిన పాదంతో, కుర్చీలో కూర్చుని సరిచూసుకున్న షూ ఆ రోజు పాదం తీసుకోబోయే అతి చిన్న రూపానికి సరిపోయిందన్న మాట.

చివరగా జారుడు. అడుగు వేసిన ప్రతిసారీ, ముఖ్యంగా మెట్లు దిగేటప్పుడు, వాలులో, పాదం షూ లోపల కొంచెం ముందుకు జరుగుతుంది. పాదం పైభాగాన్ని లేసు సరిగ్గా పట్టి ఉంచితే ఈ జరగడం తక్కువ. లేసు లేని షూలకు ఆ సౌకర్యం లేదు కాబట్టి అవి కాలికి ఉండాలంటే ముందు భాగం బిగుతుగానే ఉండాలి. రోజంతా నిలబడే పనికి అలాంటివి ఎంచుకుంటే ఈ రాజీని ఒప్పుకున్నట్టే. ఎత్తు మడమల షూలలో వాలు ఎప్పుడూ ఉంటుంది కనుక వేళ్ల మీద తోపుడూ ఎప్పుడూ ఉంటుంది. బొబ్బలు కూడా ఈ కదలిక వల్లే. చర్మం షూకు అంటుకుని ఆగిపోతే, లోపలి ఎముక మాత్రం ముందుకూ వెనక్కీ కదులుతుంది. ఆ లాగుడు వేల సార్లు జరిగాక చర్మం పొరలు విడిపోయి మధ్యలో నీరు చేరుతుంది. చెమటతో తడిసిన చర్మం మరింతగా అంటుకుంటుంది. షాపులో పొడి పాదంతో, పది అడుగులతో ఇది తెలిసే అవకాశమే లేదు.

ఇవన్నీ కలిస్తే ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ లెక్కతో చూద్దాం. ఒకరు ఉదయం షాపుకు వెళ్లి, కూర్చుని, ఎడమ పాదం కొలిపించుకున్నారనుకుందాం. పొడవు 251 మిల్లీమీటర్లు వచ్చింది. ఇచ్చిన షూ లోపలి అట్ట, అంటే తీసి మళ్లీ పెట్టగలిగే ఇన్‌సోల్, 266 మిల్లీమీటర్లు ఉంది. వేళ్ల ముందు 15 మిల్లీమీటర్ల ఖాళీ. కావలసినంత ఉన్నట్టే. ఇప్పుడు నిలబడితే అదే ఎడమ పాదం 254 అవుతుంది. ఈ మనిషికి కుడి పాదం కొంచెం పెద్దది, నిలబడితే 257. సాయంత్రం తిరిగి వచ్చాక కొలిస్తే 258. అసలు ఖాళీ ఎనిమిది మిల్లీమీటర్లే. మెట్లు దిగేటప్పుడు పాదం నాలుగు మిల్లీమీటర్లు ముందుకు జారితే మిగిలింది నాలుగు. మేజోడు మందం, షూ ముందు భాగం వంపు అందులోంచే పోవాలి. గోరు తగలడం మొదలవుతుంది.

పొడవు కంటే వెడల్పు లెక్క ఇంకా నిర్మొహమాటంగా ఉంటుంది. సాయంత్రం నిలబడి కొలిస్తే వేళ్ల మూలాల దగ్గర కుడి పాదం 103 మిల్లీమీటర్లు. ఇన్‌సోల్ ఆ చోట 93. పాదం అట్ట అంచును కొద్దిగా దాటడం మామూలే, ఎందుకంటే షూ పైభాగం అంచు నుంచి కొంచెం బయటికి ఉబ్బి లేస్తుంది. పక్కకు ఒకటి రెండు మిల్లీమీటర్లైతే పట్టించుకోనక్కర్లేదు. ఇక్కడ పక్కకు ఐదు చొప్పున దాటింది. ఆ ఐదు మిల్లీమీటర్ల కండనూ ఎముకనూ పైభాగం రోజంతా లోపలికి తోస్తూ ఉంటుంది.

ఇలాంటప్పుడు షాపులో వినిపించే సలహా, ఒక సైజు పెద్దది వేసుకోమని. యూరప్ సైజుల్లో ఒక అంకె తేడా అంటే మూడింట రెండు వంతుల సెంటీమీటరు, దాదాపు 6.7 మిల్లీమీటర్ల పొడవు. ఇంగ్లిష్ సైజుల్లో అంగుళంలో మూడో వంతు, దాదాపు 8.5. పై ఉదాహరణలో యూరప్ సైజు ఒకటి పెంచితే ఇన్‌సోల్ 273 అవుతుంది, వెడల్పు మాత్రం 95కో అటూ ఇటుగానో వస్తుంది. పాదం ఇంకా పక్కకు నాలుగు మిల్లీమీటర్లు దాటుతూనే ఉంది. ఇప్పుడు పొడవులో అనవసరమైన ఖాళీ వచ్చింది. షూ వంగే చోటు కూడా పాదం వంగే చోటుకు నాలుగైదు మిల్లీమీటర్లు ముందుకు జరిగింది. పాదం ఒక చోట వంగాలనుకుంటే అడుగు భాగం మరో చోట వంగుతుంది. మడమ లేచిపోతుంది, బొబ్బ వస్తుంది. ఈ పాదానికి కావలసింది పూర్తి సైజు పెంచడం కాదు. అర సైజు పెంచి, వెడల్పు రకంలో 99 మిల్లీమీటర్ల ఇన్‌సోల్ ఉన్నది. అప్పుడు పొడవులో సుమారు 11 మిల్లీమీటర్ల ఖాళీ, పక్కలకు రెండేసి మిల్లీమీటర్ల దాటు. అలాంటి రకం ఆ కంపెనీలో లేకపోతే ఆ నమూనా ఈ పాదానికి పనికిరాదు. అంతకు మించి దానితో కుస్తీ పట్టి లాభం లేదు.

వంగే చోటు అన్నది చాలామంది వదిలేసే కొలత. చార్లెస్ బ్రానాక్ 1920లలో అమెరికాలోని సిరక్యూజ్‌లో రూపొందించిన లోహపు కొలత పలక ఇప్పటికీ ఎన్నో షాపుల్లో కనిపిస్తుంది. అది పొడవు, వెడల్పుతో పాటు మడమ నుంచి బొటనవేలి మూల కీలు దాకా ఉన్న దూరాన్నీ కొలుస్తుంది. వేళ్లు పొట్టిగా ఉండి ఆ దూరం ఎక్కువగా ఉన్నవాళ్లకు, వేళ్ల కొన బట్టి కాకుండా ఆ కీలు బట్టి సైజు తీసుకోవాలి. లేకపోతే షూలో అన్నిటికంటే వెడల్పైన చోట కాకుండా, సన్నబడుతున్న చోట పాదంలోని అతి వెడల్పైన భాగం ఇరుక్కుంటుంది. పలక ఉన్నా దాన్ని పొడవుకే వాడి పక్కన పెట్టేసే షాపులు ఎక్కువ. అడిగితే రెండో కొలత తీస్తారు, అడగాలి అంతే.

అంకెను ఎంతవరకు నమ్మొచ్చు? షూను ఒక అచ్చు మీద తయారుచేస్తారు. పొడవు అదే అయినా అచ్చు ఆకారం కంపెనీకో రకంగా, ఒకే కంపెనీలో నమూనాకో రకంగా ఉంటుంది. పెట్టె మీద ఉన్న అంకె ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది, ఎక్కడ ఆగాలో చెప్పదు.

ఇప్పుడు పరీక్ష. వీలైతే సాయంత్రం, ఓ గంట తిరిగాక, ఆ షూతో వేసుకోబోయే మేజోళ్లతో వెళ్లాలి. ఇన్‌సోల్ ఊడివచ్చేదైతే షూ వేసుకోకముందే దాన్ని బయటికి తీసి నేల మీద పెట్టి, దాని మీద పూర్తి బరువుతో నిలబడాలి. మడమ వెనుక అంచుకు సరిగ్గా ఆనించి, ముందు ఎంత ఖాళీ మిగిలింది, పక్కలకు ఎంత దాటింది అని ఒకరిని చూడమనాలి. సగం షూలు ఇక్కడే తప్పుకుంటాయి, వేసుకునే శ్రమ కూడా ఉండదు. ఇన్‌సోల్ అతికించి ఉంటే, లేసు పూర్తిగా వదులు చేసి, వేళ్లు ముందు తగిలేదాకా పాదాన్ని జరిపి నిలబడి, మడమ వెనుక ఒక వేలు పెట్టి చూడాలి. వేలు ఇబ్బంది లేకుండా దూరితే పొడవు సుమారుగా సరిపోయినట్టే. షూ ముందు భాగాన్ని పైనుంచి బొటనవేలితో నొక్కి చూసే పద్ధతి అంత నమ్మదగ్గది కాదు. ఎవరైనా నొక్కబోతే మనం తెలియకుండానే వేళ్లు ముడుస్తాం, పైగా ముందు భాగంలో గట్టి టోపీలాంటిది ఉన్న షూలలో లోపల ఏముందో చేతికి తెలియదు.

తర్వాత రెండు షూలూ వేసుకుని, మడమను వెనక్కి తట్టి ఆనించి, లేసులు కట్టాలి. ఒకటే వేసుకుని చూడటంలో అర్థం లేదు, పెద్ద పాదం ఏదో చాలామందికి తెలియదు కూడా. ఇక్కడ నడవడం కంటే నిలబడటం ఎక్కువ పనికొస్తుంది. తివాచీ లేని నేల మీద ఐదు పది నిమిషాలు ఊరికే నిలబడాలి. ఇబ్బందిగానే ఉంటుంది, షాపువాళ్లు చూస్తుంటారు, అయినా ఇదే ముఖ్యమైన ఘట్టం. ఆ సమయంలో ‘హాయిగా ఉందా’ అని తనను తాను అడగడం వల్ల ఉపయోగం లేదు, దానికి మెత్తదనమే జవాబు చెబుతుంది. బొటనవేలిని లోపల పైకెత్తగలుగుతున్నామా, వేళ్లను కాస్త విప్పగలుగుతున్నామా, చిటికెనవేలు పక్క వేలి కిందికి దూరుతోందా అని అడగాలి. ఈ ప్రశ్నలకు అవునో కాదో అనే జవాబు వస్తుంది.

మెట్లో వాలో ఉంటే కిందికి దిగి చూడాలి. అలాంటిది లేకపోతే షూ మొనను నేలకు మెల్లగా రెండు మూడు సార్లు తట్టాలి. లేసు కట్టి ఉన్నా గోరు ముందుకు తగిలితే ఆ షూ వాలులో వేళ్లను వదిలిపెట్టదు. షూను చేత్తో వంచినప్పుడు వేళ్ల మూలాల దగ్గర వంగాలి. మధ్యలో వంపు దగ్గర మడతపడితే అడుగు భాగంలో పట్టు లేనట్టే, గంటలకొద్దీ నిలబడేవాళ్లకు ఆ బరువును పాదంలోని కండరాలే మోయాలి. మడమ కాస్త లేవడం మాత్రం అన్నిసార్లూ తప్పు కాదు. అడుగు భాగం బిరుసుగా ఉన్న కొత్త తోలు షూలో అది ఇంకా వంగడం నేర్చుకోలేదు కాబట్టి మడమ కొంచెం లేస్తుంది. అడుగు భాగం మెత్తగా వంగే షూలో కూడా మడమ లేస్తుంటే అది సైజు తప్పు.

‘వాడుతుంటే సాగుతుంది’ అనే మాట సగం నిజం. అసలు తోలు వెడల్పులో కొంచెం సాగుతుంది, పొడవులో సాగదు, ఎందుకంటే ముందు వెనుకల గట్టి భాగాలు, అడుగు భాగం దాన్ని కదలనివ్వవు. పూత పూసిన కృత్రిమ పదార్థాలు పెద్దగా సాగవు, సాగినట్టు అనిపించినా మళ్లీ మొదటికే వస్తాయి. అల్లిన గుడ్డ షూలు సాగుతాయి గానీ వాటి మీద వేడితో అతికించిన గట్టి పట్టీలు సాగవు. ఆ పట్టీ సరిగ్గా చిటికెనవేలి మీదుగా వెళ్తుంటే అది ఎన్నాళ్లైనా అక్కడే కరుస్తుంది. అందుకే షూ మొత్తం ఏ పదార్థం అన్నదాని కంటే, తన పాదం ఎముకలున్న చోట ఏ పదార్థం ఉంది అన్నది చూడాలి. కుట్లు ఎక్కడున్నాయో కూడా.

షాపులో ఎంత జాగ్రత్తపడ్డా గంటల ప్రభావాన్ని గంటలే చూపిస్తాయి. కాబట్టి కొనే ముందే, వేసుకుని చూసి తిరిగి ఇవ్వొచ్చా అని అడిగి, ఇంట్లో రెండో పరీక్ష చేయడం మంచిది. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లకు ఇదొక్కటే పరీక్ష. శుభ్రమైన గట్టి నేల మీద, సాయంత్రం పూట, ఇంటి పనులు చేసుకుంటూ ఒక గంట షూ విప్పకుండా ఉండాలి. మధ్యలో పావుగంట కదలకుండా నిలబడే పని ఏదైనా ఉంటే ఇంకా మంచిది. గంట తర్వాత షూ, మేజోళ్లు విప్పి వెలుతురులో పాదాలు చూడాలి. మేజోడు అల్లిక గీతలను వదిలేసి, ఎముకల మీద పడ్డ మచ్చలను వెతకాలి. ముదురు రంగు చర్మం మీద ఎరుపు సరిగ్గా కనపడకపోవచ్చు. అప్పుడు వేలితో తాకి, చుట్టూ ఉన్న చర్మం కంటే అక్కడ వెచ్చగా ఉందా, నొక్కితే నొప్పిగా ఉందా అని చూడాలి. విప్పిన పదినిమిషాల్లో పోయే గుర్తు అంత పట్టించుకోవాల్సింది కాదు. అరగంటైనా పోకపోతే అక్కడ చోటు చాలడం లేదు, ఆ షూ వెనక్కి వెళ్లాలి. గుర్తు ఎక్కడుందన్నది లోపం ఏమిటో కూడా చెబుతుంది. రెండు పక్కలా ఉంటే వెడల్పు చాలలేదు. పాదం పైన మాత్రమే ఉంటే ముందు లేసు కట్టే తీరు మార్చి చూడొచ్చు, నొక్కే చోట ఒక అడ్డ వరసను వదిలేసి మిగతావి కడితే చాలాసార్లు తగ్గుతుంది. మడమ వెనుక ఒకే చుక్కలా ఉంటే కుట్టో అంచో తగులుతోంది. వేళ్ల కొనల మీద ఉంటే పొడవు చాలలేదు, లేదా లేసు పాదాన్ని వెనక్కి పట్టి ఉంచలేకపోతోంది.

వేళ్లలో తిమ్మిరి, మూడో నాలుగో వేళ్ల మధ్య మంటో కరెంటు పాకినట్టో అనిపిస్తే దాన్ని బిగుతు అని మాత్రమే లెక్కేయకూడదు. వేళ్ల మూల ఎముకల మధ్య నుంచి వెళ్లే నరం నలుగుతున్నప్పుడు అలా అవుతుంది, ఇరుకు ముందు భాగం దాన్ని పెంచుతుంది. వెడల్పైన షూ వేసుకున్నా కొన్ని వారాల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించాల్సిందే.

పైన చెప్పిన పరీక్షల్లో సగం స్పర్శ మీద ఆధారపడ్డవి. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు అవి పనిచేయవు. వాళ్లకు సరైన సైజు వదులుగా అనిపిస్తుంది, పాదాన్ని గట్టిగా పట్టుకున్నట్టు తెలియాలంటే షూ బిగుతుగా ఉండాలి, అలా తెలియకుండానే చిన్న సైజు ఎంచుకుంటారు. వాళ్లు ‘ఎలా ఉంది’ అన్న ప్రశ్నను పూర్తిగా వదిలేసి, నిలబడి తీసిన కొలతలను, ఇన్‌సోల్ మీద పాదం ఎంత దాటిందో చూసిన మరొకరి కంటిని నమ్మాలి. కొత్త షూను మొదట్లో అరగంటకు మించి వేసుకోకుండా, విప్పిన ప్రతిసారీ పాదాన్ని కింద అద్దం పెట్టి అయినా పూర్తిగా చూసుకోవాలి. గుర్తు పడితే, నొప్పి లేకపోయినా, ఆ షూ వాడకూడదు.